ప్రతి ఐదు కిలోమీటర్లకీ ఒకటి

పోయినేడాది మారథాన్‌లో వదిన ముప్పై మూడో కిలోమీటరు దగ్గర కూలబడిపోయింది. అప్పటిదాకా చక్కగా పరుగెత్తిన మనిషి ఒక్కసారిగా కాళ్లు బరువెక్కి, చలి పుట్టి, నోట మాట రాక రోడ్డు పక్క గట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె ఎడమ చేతికి, మరిది కుడి చేతికి మధ్య మూరెడు తాడు ఉంటుంది. ఆమెకు చూపు లేదు. ఇరవై ఏళ్ల వయసులో కంటి జబ్బు వచ్చి చూపు పోయింది. అతను ఆమెకు దారి చెబుతూ పక్కన పరుగెత్తే తోడు. ఆ రోజు ఆమె తిరిగి లేచి, నడిచి, మళ్లీ పరుగెత్తి ముగింపు గీత దాటేసరికి నాలుగు గంటల ఇరవై మూడు నిమిషాలైంది.

తప్పు ఎవరిదో మరిదికి తెలుసు. పరుగులో సత్తువకని మింగే తీపి పాకం ఉన్న ఎనర్జీ జెల్ ప్యాకెట్లు అతని జేబులోనే ఉన్నాయి. "ఆకలేస్తే చెప్పు వదినా, ఇస్తాను" అన్నాడు. ఆమెకు ఇరవై ఐదో కిలోమీటరు దాటేదాకా ఆకలే అనిపించలేదు. అనిపించిన తర్వాత ఇచ్చినా లాభం లేకపోయింది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూగా అడుగంటుతుందనీ, అది అడుగంటకముందే కొంచెం కొంచెంగా పోసుకుంటూ రావాలనీ, కడుపు దాన్ని రక్తంలోకి ఎక్కించడానికి సమయం పడుతుందనీ అతనికి ఆ తర్వాత తెలిసింది.

అతను సిటీ బస్సుల డిపోలో టైమ్‌టేబుళ్లు వేసే గుమాస్తా. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్నింటికి ఉండాలో రాయడమే అతని పని. డిపోలో అందరూ అతన్ని 'నిమిషం' అంటారు. అలాంటివాడు వదిన విషయంలో టైమ్‌టేబులు లేకుండా బయల్దేరినందుకు ఏడాదంతా లోలోపల కుమిలాడు. ఈసారి ఒక కాగితం మీద గీతలు కొట్టి పట్టిక వేశాడు. బయల్దేరే పది నిమిషాల ముందు ఒక జెల్. తర్వాత ఐదు, పది, పదిహేను, ఇరవై, ఇరవై ఐదు, ముప్పై, ముప్పై ఐదు కిలోమీటర్ల దగ్గర ఒక్కొక్కటి. నాలుగు గంటల లోపు చేరాలంటే కిలోమీటరు ఐదు నిమిషాల నలభై ఒక్క సెకన్లలో పోవాలి. వాళ్లు ఐదు ముప్పై ఎనిమిది పెట్టుకున్నారు. అంటే ఇరవై ఎనిమిది నిమిషాలకు ఒక ప్యాకెట్టు. ప్యాకెట్టులో ఇరవై ఐదు గ్రాముల పిండిపదార్థం, అంటే గంటకు యాభై పైచిలుకు. నీళ్ల బల్లలు కూడా సరిగ్గా ఐదేసి కిలోమీటర్లకు ఉన్నాయి. బల్ల రెండు వందల మీటర్ల దూరంలో ఉందనగా ప్యాకెట్టు చింపాలి, బల్ల దగ్గర నీళ్లు తాగాలి. నీళ్లు పడకపోతే ఆ చిక్కటి పాకం కడుపులో ముద్దలా కూర్చుంటుంది.

మూడు నెలల పాటు ప్రతి ఆదివారం ఇదే పద్ధతిలో పరుగెత్తారు. మొదటి రెండు వారాలూ ఆమెకు కడుపు తిప్పింది. తర్వాత అలవాటు పడింది.

"నిమిషం గారి బస్సు ఎక్కాం కదా, స్టాపు వస్తే దిగక తప్పుతుందా" అని నవ్వేది వదిన, ప్యాకెట్టు చేతిలో పెట్టినప్పుడల్లా.

ఆమె ఆస్పత్రిలో ఫిజియోథెరపీ విభాగంలో పనిచేస్తుంది. పట్టేసిన మెడలూ బిగుసుకున్న భుజాలూ ఆమె వేళ్లకు లొంగుతాయి. నలభై నిండేలోగా నాలుగు గంటల లోపు పరుగెత్తాలని ఆమె పట్టు. ఇంకో రెండు నెలల్లో నలభై నిండుతాయి.

ఆమె భర్తకు మాత్రం ఈ పరుగు సుతరామూ ఇష్టం లేదు. ఆయన టైలరు. మెత్తటి గుడ్డ చుట్టి ఆ తాడు కుట్టింది ఆయనే. పరుగు రోజు పొద్దున్న తాడు ఇద్దరి చేతులకూ తొడిగి తమ్ముడి వంక చూశాడు.

"ఒరేయ్, పోయినసారిలా పడిపోతే ఇదే ఆఖరు. నేను మళ్లీ ఒప్పుకోను."

"పడదు అన్నయ్యా. ఈసారి లెక్క పక్కాగా ఉంది."

"లెక్కలు మీరిద్దరూ చూసుకోండి. నాకు మనిషి కావాలి."

"అబ్బ, ఊరుకోండి. పొద్దున్నే ఏంటా మాటలు" అని వదిన భర్త చెయ్యి నొక్కింది. ఆయన గీత దగ్గర ఉంటానని చెప్పి వెళ్లిపోయాడు.

జెల్ ప్యాకెట్లన్నీ మరిది నడుము బెల్టులోనే ఉన్నాయి. ఆమె నడుముకు బెల్టు కడితే ఒరుసుకుని పుండు పడుతోందని ముందే అలా అనుకున్నారు. ఎడమ సంచిలో ఆమెవి ఏడు. కుడి సంచిలో అతనివి ఏడు, పైన ఒకటి అదనం. వెనకాల చిన్న నీళ్ల సీసా. ఆమె మూత చింపుకుంటే చేతులన్నీ జిగురైపోతున్నాయని ప్యాకెట్టు చింపడం కూడా అతని వంతే. పళ్లతో పట్టి ఒకటి చింపి ఆమె కుడి చేతిలో పెడతాడు. తర్వాత తనది చింపుకుంటాడు. చర్రుమని రెండుసార్లు చప్పుడవుతుంది.

పదిహేనో కిలోమీటరు దాకా టైమ్‌టేబులు తు.చ. తప్పలేదు. గంటా ఇరవై నాలుగు నిమిషాల ముప్పై సెకన్లు. వదిన ఊపిరి లయ తప్పలేదు. మధ్యలో ఆయాసం లేకుండా కబుర్లు కూడా చెప్పింది. "ముందు గుంతలు లేవు. యాభై అడుగుల్లో కుడి వంపు. మూడు, రెండు, ఒకటి, తిరుగు" అంటూ అతను చెబుతుంటే ఆమె తాడు బిగువును బట్టే సగం తెలుసుకుని తిరిగేది.

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర రోడ్డు సన్నబడింది. వెనక నుంచి ఒక గుంపు తోసుకుంటూ వచ్చింది. ఎవరో బలంగా మరిది కుడి నడుము వెనక మోచేత్తో గుద్ది, సారీ చెబుతూనే ముందుకు పోయాడు. అతను తూలి, వదినకు తగలకుండా నిలదొక్కుకున్నాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

ఇరవై బల్ల కనిపించగానే ఎడమ సంచిలోంచి వదిన ప్యాకెట్టు తీసి చింపి ఇచ్చాడు. తర్వాత ఎడమ చేతిని నడుము చుట్టూ తిప్పి కుడి సంచిలో పెట్టాడు. వేళ్లకు గుడ్డ తప్ప ఏమీ తగల్లేదు. జిప్పు బార్లా తెరుచుకుని ఉంది. నాలుగు ప్యాకెట్లూ, అదనంగా పెట్టుకున్న ఒకటీ, ఐదూ రెండు కిలోమీటర్ల వెనక ఎక్కడో రాలిపోయాయి.

అతను ఎడమ సంచి తడిమాడు. ఇరవై ఐదుకి, ముప్పైకి, ముప్పై ఐదుకి ఒక్కొక్కటి. మూడున్నాయి. అవి వదినవి.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. సగం సగం పంచుకుందాం అంటుంది. అప్పుడు ఇద్దరికీ చాలదు. పోయినేడాది ఆమె గట్టు మీద వణుకుతూ కూర్చున్న తీరు కళ్ల ముందు మెదిలింది. తను ఒంటరిగా పరుగెత్తితే మూడు గంటల ముప్పై ఐదు నిమిషాల మనిషి. ఈ వేగం తనకు సులువే. లాక్కురాగలననుకున్నాడు. రెండు వారాల కిందట మూడు రోజులు జ్వరం పడి లేచిన సంగతీ, పొద్దున్న కంగారులో టిఫిను సగంలో వదిలేసిన సంగతీ ఆ క్షణాన గుర్తుకు రాలేదు. వచ్చినా పక్కకు నెట్టేసేవాడేమో.

"ఏంటి, ఆలస్యం?" అంది వదిన, నోట్లో పాకం చప్పరిస్తూ. "నీది చింపుకోలేదా?"

అతను జేబులోంచి పదిహేను దగ్గర వాడేసిన ఖాళీ ప్యాకెట్టు తీశాడు. పళ్లకింద పెట్టి ఇంకోవైపు చర్రున చింపాడు.

"అయిపోయింది వదినా. బల్ల వచ్చేసింది, కుడి చెయ్యి చాపు."

ఆమె నీళ్లు తాగింది. ఆ బల్ల చివర స్పోర్ట్స్ డ్రింక్ గ్లాసులు కూడా ఉన్నాయి. ఆ డ్రింకు దొరికే బల్లలు మూడే: పది, ఇరవై, ముప్పై ఐదు. వాళ్ల పట్టికలో దాన్ని వద్దనుకున్నారు. జెల్ మీద అది కూడా పడితే తీపి మరీ ఎక్కువై కడుపు తిరగబెడుతుంది. అతను ఒక గ్లాసు అందుకుని సగం ఒలకబోసుకుంటూ తాగాడు. ఇంకోటి అందుకునే లోపే బల్ల దాటిపోయింది.

ఇరవై ఐదు దగ్గర మళ్లీ అదే చేశాడు. ఆమెకు నిజం ప్యాకెట్టు, తనకు ఖాళీది. ఇరవై ఐదు నుంచి కెఫీన్ ఉన్న కాఫీ రుచి జెల్ పెట్టుకున్నారు. "ఇది బాగుంటుంది కదూ, నిద్రపోతున్న కాళ్లు లేస్తాయి" అంది వదిన. "ఊఁ" అన్నాడు అతను. రెండు గంటల ఇరవై నిమిషాల యాభై సెకన్లు. అంతా అనుకున్నట్టే ఉంది. ముప్పై దగ్గర రెండు గంటల నలభై తొమ్మిది. నాలుగు గంటల లెక్కకు ఒకటిన్నర నిమిషం పైనే మిగులు. మూడోసారి ఖాళీ ప్యాకెట్టు చింపుతుంటే దవడలు బిగుసుకుపోయినట్టు అనిపించింది.

ముప్పై ఒకటి దాటాక గడియారం మీద అంకెలు చూసి, వెంటనే మర్చిపోయి, మళ్లీ చూశాడు. ఒళ్లంతా చెమట, ఆ చెమట చల్లగా ఉంది. తొడలు తనవి కావు. చెట్ల నీడలు రోడ్డు మీద గుంతల్లా కనిపిస్తున్నాయి.

"ఇప్పుడేంటి ముందు?" అడిగింది వదిన. "చాలాసేపయింది నువ్వు మాట్లాడి."

"నేరుగానే."

"వేగం తగ్గినట్టుంది."

"లేదు లేదు."

తగ్గింది. ముప్పై రెండో బోర్డు దగ్గర గడియారం మూడు గంటల ముప్పై ఏడు సెకన్లు చూపిస్తోంది. బోర్డు దాటగానే రోడ్డు మధ్యలో సిమెంటు డివైడరు మొదలైంది. అందరూ కుడికి జరుగుతున్నారు. అతను దాన్ని చూశాడు. కుడి అనాలని తెలుసు. నోట్లోంచి మాత్రం "ఎడమ" అని వచ్చింది.

వదిన ఎడమకు జరిగింది. కాలి బొటనవేలు డివైడరు అంచుకు తగిలింది. ముందుకు విసురుగా పడింది. తాడు లాగేసరికి అతనూ మోకాళ్ల మీద కూలాడు.

"వదినా! అయ్యో, వదినా!"

ఆమె అప్పటికే లేచి కూర్చుంది. కుడి అరచెయ్యి గీరుకుపోయి రక్తం చిమ్ముతోంది. ఆ చేతుల మీదే ఆమె ఉద్యోగం. ఒక్కొక్క వేలూ ముడిచి, చాచి చూసుకుంది. విరగలేదని తేలాక ఊపిరి వదిలింది.

"ఎటు అన్నావు నువ్వు?"

"కుడి... కుడి అన్నాను."

"ఎడమ అన్నావు." ఆమె తాడు పట్టుకుని దగ్గరికి జరిగి అతని మణికట్టు పట్టుకుంది. అది చల్లగా తగిలింది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. రోగుల మీద రోజూ చెయ్యి వేసే మనిషికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ముఖం అతని ముఖానికి దగ్గరగా తెచ్చింది.

"ముప్పై దగ్గర జెల్ తీసుకున్నావా?"

"తీసుకున్నా."

"ఏ రుచిది?"

"కాఫీది."

"నా నోరంతా కాఫీ వాసనే. నీ నోట్లోంచి రాదేం?"

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఇరవై నుంచి. పద్దెనిమిది దగ్గర ఎవడో గుద్దాడు వదినా, జిప్పు ఊడి నావన్నీ పోయాయి. నీవి ఉన్నాయి కదా, నేను లాక్కొచ్చేస్తాననుకున్నా."

"మరి ఆ చప్పుడు?"

"ఖాళీది చింపాను."

పక్కనుంచి చెప్పుల మోతలా వందల అడుగుల చప్పుడు. వాటిలో ఒక గొంతు "నాలుగు గంటల జెండా, నాలుగు గంటల జెండా, అందరూ నాతో" అని అరుస్తూ ముందుకు పోయింది. నాలుగు గంటల్లో చేరే వేగంతో పరుగెత్తే మనిషి పట్టుకునే ఆ జెండా ఇప్పటిదాకా వాళ్ల వెనకే ఉంది. వదిన ముఖం ఆ చప్పుడు వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగింది. ఆమె ముఖం ఎర్రబడింది. పడ్డందుకు కాదని అతనికి అర్థమైంది.

"మూడుసార్లు," అంది. "మూడుసార్లు చింపి వినిపించావు. కనబడదు కదా అని."

"వదినా..."

"తర్వాత. ఇప్పుడు తిట్టడానికి టైము లేదు. ఎన్ని మిగిలాయి?"

"ఒకటి. నీ ముప్పై ఐదుది."

"తియ్యి. తిను."

"అది నీది వదినా. నువ్వు తినకపోతే పోయినసారిలాగే..."

"ముప్పై ఐదు దాకా నువ్వుంటేగా! నువ్వు పడిపోతే నేనేం చెయ్యాలి, గోడలు తడుముకుంటూ పోవాలా? తిను. సీసాలో నీళ్లున్నాయిగా."

అతను ప్యాకెట్టు తీశాడు. చేతులు వణికి చింపలేకపోయాడు. ఆమె లాక్కుని, పళ్లతో తానే చింపి, అతని నోటి దగ్గర పెట్టింది. పాకం పెదాల మీద జారి గడ్డం మీద పడింది. సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగించింది.

"నడుస్తూ మింగు. నిలబడకు. నిలబడితే కాళ్లు పట్టేస్తాయి."

నడిచారు. రెండు వందల మీటర్లు నడిచారు. ఆ నడక మరిదికి జన్మలో నడిచినంత పొడుగ్గా అనిపించింది. జెండా వంపు తిరిగి కనుమరుగైంది. నోట్లో తీపి తగిలినందుకేమో కళ్ల ముందు మసక కొంచెం విడింది. కాళ్లలోకి మాత్రం ఇంకా ఏమీ రాలేదు.

"గడియారం ఎంత?"

మూడు గంటల మూడున్నర నిమిషాలు. అతను ఒక్క క్షణం తటపటాయించాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది వదిన. "తగ్గించకు, పెంచకు. నా లెక్క నాకు తెలియాలి."

చెప్పాడు.

"అయితే పద."

ముప్పై మూడో బోర్డు దగ్గర మూడు గంటల ఏడు నిమిషాల ముప్పై సెకన్లు. పోయినేడాది ఆమె కూర్చున్న గట్టు ఎక్కడో ఇక్కడే ఉండాలి. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆమే వేగం పెట్టింది. తాడు ఎప్పుడూ వదులుగా, ఇద్దరి మధ్యా ఊగుతూ ఉండాలి. తోడుగా వచ్చినవాడు ముందుండి లాగకూడదు, అది పందెం నియమం. ఇప్పుడు ఆమె అర అడుగు ముందుంది, తాడు బిగుసుకుంటోంది. అతను పళ్లు బిగించి పక్కకు వచ్చాడు.

"ముప్పై ఐదు దగ్గర నాకేముంది?" అడిగింది.

"నీళ్లు. స్పోర్ట్స్ డ్రింక్."

"అదే తాగుతాను."

"అది నువ్వు ఎప్పుడూ అలవాటు చేసుకోలేదు. ఆ నారింజది ఒక ఆదివారం తాగి కక్కుకున్నావు, గుర్తుందా?"

"అప్పుడు జెల్ మీద తాగాను. ఇప్పుడు ముప్పైలో తిన్నది జారిపోయి ఉంటుంది. రెండు గ్లాసులంటే ఎంత వస్తుంది?"

అతను లెక్క కట్టాడు. లెక్క కట్టగలుగుతున్నందుకు ఆశ్చర్యపోయాడు. "గ్లాసుకి తొమ్మిది, పది గ్రాములు. రెండైతే ఇరవై దాకా."

"జెల్‌కి ఐదు తక్కువ. చాల్లే. మీద నీళ్లు తాగను, అందులోనే ఉన్నాయి కదా."

ముప్పై ఐదో బోర్డు దగ్గర మూడు గంటల పంతొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. బల్ల దగ్గర పన్నెండు సెకన్లు నడిచారు. కాగితం గ్లాసు అంచు నొక్కి సన్నగా చేసి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్క చుక్క ఒలకకుండా రెండూ తాగింది. అతనూ ఒకటి తాగాడు. అతని కడుపులో జెల్ ఉంది, కాబట్టి రెండోది వదిలేశాడు. బల్ల వెనక నిలబడిన అమ్మాయి వదిన చేతి మీద రక్తం చూసి "అయ్యో, కట్టు కట్టనా?" అంది. "గీత దగ్గర కట్టించుకుంటాలేమ్మా" అని వదిన అప్పటికే కదిలింది.

ముప్పై ఆరు నుంచి అతనికి కాళ్లు తిరిగి వచ్చాయి. పూర్తిగా కాదు. కానీ గుంతలు గుంతల్లానే, నీడలు నీడల్లానే కనిపించాయి. "పాతిక అడుగుల్లో స్పీడ్ బ్రేకరు. రెండు, ఒకటి, ఎక్కు, దిగు." మాటలు సరిగ్గా వస్తున్నాయి. ప్రతి మాటా నోట్లోంచి వదిలేముందు ఒకసారి లోపల అనుకుని చూసుకున్నాడు.

ముప్పై ఎనిమిది దగ్గర ఆమెకు కడుపు తిప్పింది. త్రేన్పు వచ్చి నోరంతా పుల్లబడింది. పక్కటెముకల కింద సూది పోటు.

"ఆగుదామా?"

"వద్దు. ఊపిరి లెక్కపెట్టు."

"పీల్చు రెండు, మూడు. వదులు రెండు, మూడు. గట్టిగా వదులు." అతను లెక్కపెట్టాడు. ఆమె పెదాలు తెల్లబడ్డాయి. ఇప్పుడు కక్కితే తాగిందంతా పోతుంది. అర కిలోమీటరు అలా గుప్పిట బిగించి పరుగెత్తింది. పోటు మెల్లగా సడలింది. కక్కలేదు.

నలభయ్యో బోర్డు. మూడు గంటల నలభై ఎనిమిది నిమిషాల పన్నెండు సెకన్లు.

"చెప్పు," అంది.

బాగానే ఉన్నాం, ఇలాగే పోతే చాలు అనాలని అతనికి నోటిదాకా వచ్చింది. ఆమె అప్పటికే శక్తికి మించి పరుగెత్తుతోంది.

"పదకొండు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు ఉన్నాయి. రెండు కిలోమీటర్ల నూట తొంభై ఐదు మీటర్లు. కిలోమీటరు ఐదు ఇరవై రెండులో పోవాలి. ఇప్పటిదాకా ఐదు నలభై నాలుగులో వస్తున్నాం. కష్టం వదినా."

ఆమె అడుగులు చిన్నవయ్యాయి, వేగమయ్యాయి. అతను పక్కనే ఉన్నాడు. గొంతు పూర్తిగా పోయేదాకా చెబుతూనే ఉన్నాడు: ముందు ఇద్దరు, కుడి నుంచి దాటుతున్నాం, తడి ఉంది, జాగ్రత్త, ఎడమ వంపు, ఎడమ, అవును ఎడమే. నలభై ఒకటి దాటింది. జనం అరుపులు గోడల్లా రెండు పక్కలా లేచాయి. దూరంగా నాలుగు గంటల జెండా గీత దాటడం అతనికి కనిపించింది. చెప్పాడు. "ఎంత దూరం?" అంది. "రెండు వందలు." ఆమె చేతులు విసిరి పరుగెత్తింది. ఆఖరి అడుగుల్లో అతను సగం అడుగు వెనక్కి తగ్గి ఆమెను ముందు దాటనిచ్చాడు.

గీత అవతల ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి నిలబడింది. ఊపిరి అందాక తల ఎత్తింది.

"ఎంత?"

చుట్టూ గోల. ఆమెకు వినబడేలా వంగి చెప్పాడు.

"నాలుగు గంటల ఏడు సెకన్లు."

వదిన నేల మీద కూర్చుని, గీరుకున్న అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏడు సెకన్లా? బొత్తిగా ఏడా?"

"ఏడే. ఇరవై దగ్గరే నీకు చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే ఉన్న మూడూ ఇద్దరం ముందు నుంచే చప్పరించేవాళ్లం. ముప్పై ఐదులో చెరో రెండు గ్లాసులు తాగేవాళ్లం. పడేవాళ్లం కాదు." కోపంగా అనలేదు. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు అంది.

ఆమె భర్త జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. రక్తం చూసి నిలబడిపోయాడు.

"పడ్డావా?"

"పడ్డాను. లేచాను. పరుగెత్తాను కూడా. చూడండి, మీ మనిషి మీ ముందే కూర్చుంది కదా."

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. మరిది తల వంచుకున్నాడు. "నా వల్లే అన్నయ్యా. దారి తప్పు చెప్పాను" అని, జరిగిందంతా, ఖాళీ ప్యాకెట్ల సంగతితో సహా, దాచకుండా చెప్పేశాడు. ఆయన వింటూనే భార్య చెయ్యి తిప్పి గాయం చూశాడు. "ముందు చేతికి కట్టు కట్టించాలి, లేవండి" అని మాత్రం అని భార్య చంకల కింద చేతులేసి లేపాడు.

మందుల గుడారంలో నర్సు చెయ్యి కడుగుతుంటే వదిన పళ్లు బిగబట్టింది. అన్నయ్య టీ తేవడానికి వెళ్లాడు. మరిది గుడారం గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియక.

"రా," అంది, అడుగుల చప్పుడు ఆగడం విని. "జెల్ నాకిచ్చి నువ్వు మానుకున్నందుకు కాదు నా కోపం. ఆ బుద్ధి మంచిదే. కానీ ఆ చప్పుడు చేశావు చూడు... నేను ఇన్నేళ్లుగా లోకాన్ని నమ్మేది చప్పుడు మీద. అది నాకింకా మింగుడు పడలేదు. కొన్నాళ్లు పడుతుంది."

"పట్టనీ వదినా. ఎన్నాళ్లయినా సరే."

"నువ్వు ఎడమ అన్నావని నేను ఎడమకు జరిగాను. ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. అంత నమ్మకం ఉన్నచోట నటించకూడదు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు కనబడవని తుడుచుకోకుండా వదిలేయబోయి, మళ్లీ ఏమనుకున్నాడో, "ఏడుస్తున్నాను వదినా" అన్నాడు.

"తెలుస్తోందిలే, ముక్కు ఎగబీలుస్తున్నావుగా" అంది వదిన.

తర్వాత మూడు వారాలు ఆమె నుంచి ఫోను రాలేదు. నాలుగో వారం డిపోలో అతను కొత్త రూటు కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఫోను మోగింది.

"ఆదివారం ఐదున్నరకి వస్తావా? చెయ్యి మానింది."

"వస్తాను వదినా."

"నా ప్యాకెట్లు నా నడుముకే. మీ అన్నయ్య మెత్తటి బెల్టు కుడుతున్నాడు, ఒరుసుకోదట. చింపడం కూడా నేనే. చేతులు జిగురైతే అవనీ."

"సరే."

"ఇంకో మాట. నీవి ఎక్కడ పెట్టుకుంటావో నాకు చెప్పు. నేను కూడా లెక్కపెట్టుకుంటాను."

అతను కాగితం తిరగేసి, పెన్సిలు అందుకున్నాడు. "చెబుతాను, రాసుకుంటావా?" అని అడిగి, నాలిక కరుచుకున్నాడు.

"చెప్పు, గుర్తుంటుంది" అంది ఆమె.